నాయన కాలి పుండు ఫోటోలు ఐదు: ఏది బాగున్నట్టు, ఏది బాగాలేనట్టు?

రేణిగుంట_రవి | జూన్ 16, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా నాయనకు 61 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. మే చివర్లో మొక్కు ఉందని అలిపిరి మెట్ల దారిన ఉత్త కాళ్లతో కొండెక్కారు. ఆ ఎండకు రాళ్లు ఎంత కాలుతుంటాయో మీకు తెలుసు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలు వైపు బొబ్బ లేచింది. ఆయనకది తెలియనే లేదు, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ చూసింది. తర్వాత అది పగిలి పుండయింది. దగ్గర్లోని డాక్టరు మాత్రలిచ్చారు, కట్టు ఇంట్లో అమ్మే కడుతోంది.

నేను బెంగళూరులో ఉంటాను. అమ్మ రెండు మూడు రోజులకొకటి ఫోటో పంపుతోంది. ఐదూ పక్కపక్కన పెట్టి కింద జత చేశాను. చూడలేనివాళ్లు దయచేసి తెరవకండి.

మొదటిది జూన్ 3: రూపాయి బిళ్లంత, ఎర్రగా. రెండోది 6న: అంతా పసుపుపచ్చగా. మూడోది 9న: బాగా పెద్దదై నెత్తురు రంగులో. నాలుగోది 12న: చిన్నదైంది, అంచులు గులాబీ రంగు. ఐదోది 15న: చిన్న నల్లటి పక్కు, పొడిగా.

నా లెక్కలో 5 అన్నిటికంటే బాగుంది, తర్వాత 4, 1, 2, చివర 3. చిత్తూరులో ఉన్న మా అక్క 2 అన్నిటికంటే అధ్వానం అంటోంది. బావది మూడో లెక్క. ఫ్యామిలీ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. మళ్లీ డాక్టరు దగ్గరికి పోదామంటే నాయన వద్దంటున్నారు, నొప్పి అస్సలు లేదట. ఐదో ఫోటో చూస్తే నాకూ ఇంకో వారం ఆగొచ్చు అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_చలపతి | రాత్రి 9:05

రవి అన్నా, టెన్షన్ వద్దు. పుండు చూడటానికి రంగే లెక్క. ఎర్రగా ఉంటే కొత్త కండ వస్తోందని, పచ్చగా ఉంటే చీమని. నీ ఫోటోల్లో రెండోదానికి చీము పట్టింది, మూడోదానికి చీము పోయి ఎర్రబడింది, నాలుగోదానికి పూడింది, ఐదోదానికి ఎండింది. పుండు ఎండి పక్కు కట్టిందంటే లోపల మానినట్టే. పక్కు దానంతటదే రాలిపోతుంది, గిల్లొద్దని చెప్పు.

మా నాన్నకు మోటార్ సైకిల్ సైలెన్సర్ తగిలి పిక్క కాలినప్పుడు ఇట్లాగే నల్లగా ఎండి, మూడు వారాలకు రాలిపోయింది. ఆయనకూ షుగరే.

లెన్సు_లోకేష్ | రాత్రి 9:48

నేను డాక్టర్ని కాను, తిరుపతిలో ఫోటో స్టూడియో. పుండు గురించి మాట్లాడను, ఫోటోల గురించి చెప్తా.

ఈ ఐదు ఫోటోలూ ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. మొదటిది కిటికీ వెలుతురులో తీశారు. రెండోది రాత్రి, పసుపు బల్బు కింద. దాని వెనక దుప్పటి చూడండి, మొదటి ఫోటోలో తెల్లగా ఉన్న అదే దుప్పటి ఇక్కడ లేత పసుపుగా ఉంది. దుప్పటి రంగే మారినప్పుడు పుండు రంగును ఎలా నమ్ముతాం? నాలుగోదానికి ఫ్లాష్ వేశారు, తడి ఉన్నచోటల్లా తెల్లగా మెరిసి అంచులు చెరిగిపోయాయి.

సైజు సంగతి ఇంకా పెద్ద తేడా. ఫోన్ 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి తీసిన పుండు, 30 దూరంలో తీసిన దానికంటే పొడవులో ఒకటిన్నర రెట్లు కనపడుతుంది. వైశాల్యంలో రెండుంపావు రెట్లు. పుండు ఏమీ మారకపోయినా సగానికి పైగా తగ్గిందని అనుకుంటాం. అందుకని నేను ఒక పని చేశాను. ఐదింటిలోనూ బొటనవేలి వెడల్పు కనపడుతోంది, అది మారదు కదా. దానితో పుండు వెడల్పును కొలిచాను. మొదటిదాంట్లో పుండు, వేలి వెడల్పులో ముప్పావు వంతు. నువ్వు తగ్గిందన్న నాలుగోదాంట్లో కూడా దాదాపు ముప్పావు వంతే. తగ్గింది పుండు కాదు, ఫోన్ దూరం జరిగింది అంతే. మూడోది నిజంగానే పెద్దది, వేలంత వెడల్పు. ఐదోది నిజంగానే చిన్నది, మూడో వంతు.

ఇకనుంచి ఒకే చోట, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయమను. పుండు పక్కనే, అదే ఎత్తులో ఒక కాగితపు స్కేలు పెట్టాలి. అప్పుడు ఎవరైనా వరుస పెట్టొచ్చు, డాక్టరుతో పని లేదు.

నగరి_నాని | రాత్రి 10:02

మా తమ్ముడికి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం. ఎముక బాగానే అతుక్కుంది గానీ కట్టు విప్పాక చర్మం నల్లబడి దురద. ఫోటో పెడితే ఏ క్రీము రాయాలో చెప్తారా?

లెన్సు_లోకేష్ | రాత్రి 10:04

నాని, ఇది వేరే విషయం. కొత్తగా పోస్టు పెట్టు.

వార్డు_సిస్టరక్క | రాత్రి 10:55

నేను సర్జరీ వార్డులో 22 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. షుగర్ కాళ్ల డ్రెస్సింగులు రోజూ చేసే పని. రవీ, నీ వరుస చూస్తే భయమేసింది. నువ్వు చివర పెట్టిన మూడోది నాకు పెద్దగా ఇబ్బంది అనిపించలేదు. నువ్వు మొదట పెట్టిన ఐదోది చూసి మాత్రం ఇప్పుడే రాయాలని కూర్చున్నా.

మూడో ఫోటోలో అంచులు చూడు, కత్తిరించినట్టు నున్నగా ఉన్నాయి. అది పుండు పెరగడం కాదు. ఎవరో చుట్టూ ఉన్న చచ్చిన తోలు కోసి శుభ్రం చేశారు. అలా చేసినరోజు పుండు ఎప్పుడూ పెద్దదిగానే కనపడుతుంది, నెత్తురు కూడా ఉంటుంది. అసలు లోపల ఎంత ఉందో ఆరోజే బయటపడుతుంది. రెండోదాంట్లో పచ్చదనం చీము కాకపోవచ్చు. మీ అమ్మ పసుపు ఏమైనా అద్దిందా?

ఇక ఐదోది. నల్ల చుక్క చుట్టూ తెల్లగా, మందంగా వలయం ఉంది చూశావా, అది కాయ కాసిన తోలు. అరికాల్లో ఒంటి బరువు పడేచోట ఆ తోలు రెండు వైపుల నుంచీ పెరిగి నోరు మూస్తుంది. పైన నోరు చిన్నదయిపోతుంది, కింద గుంత అలాగే ఉంటుంది. ఎన్నోసార్లు చూశాను, పైకి శనగ గింజంత, పక్కు ఎత్తితే లోపల వేలు దూరేంత. ఏ కెమెరా అయినా పై మూతను చూపిస్తుంది, మూత కింద ఏముందో చూపించదు.

రేపు పొద్దున్నే కాదు, ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసి ఇవి అడుగు. పొద్దున పరగడుపు షుగర్ ఈ వారం ఎంత వస్తోంది, ముందు ఎంత ఉండేది? అరచెయ్యి వెనక్కి తిప్పి రెండు పాదాల మీద ఆనిస్తే కుడిది కాకగా ఉందా? పాదం పైభాగం, మడమ దగ్గర వాపు ఉందా? విప్పిన కట్టు గుడ్డ తడిసి ఉందా, వాసన ఎలా ఉంది? పక్కును మాత్రం గిల్లొద్దు, నొక్కి చూడొద్దు.

రేణిగుంట_రవి | రాత్రి 11:40

అక్కా, అమ్మతో మాట్లాడాను. అక్క కూడా సాయంత్రం చిత్తూరు నుంచి ఇంటికి వచ్చింది, అదొకటి మంచిదయింది.

రెండో ఫోటోనాడు అమ్మ పసుపు అద్దిందట, డాక్టరు తిడతారని చెప్పలేదు. 8వ తేదీన డాక్టరు చుట్టూ తోలు కోశారట. అదీ నాకు చెప్పలేదు. పరగడుపు షుగర్ నెల మొదట్లో 150 దగ్గర ఉండేది. మొన్న 240, ఈరోజు 268. తిండి మారలేదు, మాత్రలు మానలేదు. జ్వరం లేదు. కుడి పాదం కాస్త వెచ్చగా ఉందని అక్క అంటోంది. నాలుగు రోజుల నుంచి కుడి చెప్పు పట్టీ బిగుతుగా ఉందని నాయన ఎడమ చెప్పు ఒక్కటే వేసుకుని తిరుగుతున్నారట! కట్టుకు నీచు వాసన ఉందట, పసుపు వాసనేమో అనుకున్నానని అమ్మ అంది.

ఇంకొక సంగతి బయటపడింది. లోకేష్ అన్నా, నీ కొలత కరెక్టు. నాలుగో ఫోటో 12న నాకు వచ్చింది, నా ఫోన్లో పేరు `IMG-20250612-WA0014.jpg` అని ఉంది. కానీ అమ్మ ఫోన్ గ్యాలరీలో అక్క చూస్తే అది 7వ తేదీన తీసింది. పంపడం మర్చిపోయి తర్వాత పంపిందంతే.

లెన్సు_లోకేష్ | రాత్రి 11:52

అదే! వాట్సాప్ పేరులో ఉండేది తీసిన తేదీ కాదు, వచ్చిన తేదీ. ఫోటో లోపల దాగి ఉండే తీసిన సమయాన్ని కూడా వాట్సాప్ తీసేస్తుంది. అంటే అసలు వరుస 1, 2, 4, 3, 5. పెద్దది చిన్నదై, చిన్నది ఎండిందని మనం అనుకున్న కథ జరగనే లేదు. పుండు మొదట ఎంతుందో కోసే ముందు రోజు కూడా అంతే ఉంది. కోసిన తర్వాత ఆరు రోజుల్లో వేలంత వెడల్పు ఉన్నది మూడో వంతయింది.

వార్డు_సిస్టరక్క | జూన్ 17, 12:05

మంచి కండతో పూడే పుండు ఆరు రోజుల్లో అంత మూసుకోదు, అందులోనూ రోజూ దానిమీద నడుస్తున్న మనిషికి. నోరు మూసుకుంది.

రవీ, పొద్దున్నే సర్జన్లు ఉండే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మను. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఏది వీలైతే అది. రాత్రిలో చలిజ్వరం వచ్చినా, ఎరుపు గానీ వాపు గానీ పైకి పాకినా, మనిషి మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి. ఆటో వరకు కూడా ఆ కాలు నేల మీద ఆనించకుండా చూడండి. మాత్రల చీటీ, షుగర్ రాసుకున్న పుస్తకం, 8వ తేదీ తోలు కోసిన డాక్టరు చీటీ తీసుకెళ్లాలి. ఫోటోలు కూడా తీసుకెళ్లు, తేదీలు సరిచేసి.

నొప్పి లేదన్నదే నాకు ఎక్కువ భయం. బొబ్బ లేచినా తెలియని కాలు అది. జ్వరం లేకపోవడం కూడా ధైర్యం కాదు, పాత షుగర్ వాళ్లలో లోపల చీమున్నా జ్వరం రాకపోవచ్చు. కారణం లేకుండా షుగర్ పెరుగుతోంది చూడు, ఒళ్లు లోపల దేనితోనో కొట్లాడుతోందని అది చెప్తోంది. నీ ఐదు ఫోటోల్లో ఆ అంకె ఎక్కడా లేదు.

చిత్తూరు_చలపతి | ఉదయం 6:30

అక్కా, మీ అనుభవం మీది, కాదనను. కానీ నెట్‌లో ఇట్లా చెప్పి ఊరికే భయపెడతారు అనిపిస్తుంది. మా నాన్నది నల్లగానే ఎండింది, బాగయింది. నల్లరంగు చెడ్డదైతే అది ఎలా మానింది?

వార్డు_సిస్టరక్క | ఉదయం 7:15

చలపతీ, మీ నాన్నది పిక్క మీద. అక్కడ బరువు పడదు, కాయ కాయదు, కింద గుంత దాచుకునే చోటు తక్కువ. కాలినప్పుడు ఆయన అబ్బా అన్నాడు కదా, అంటే స్పర్శ ఉంది. రంగు లెక్క పూర్తిగా తప్పని నేను అనను. డ్రెస్సింగ్ తీసి శుభ్రంగా కడిగాక, పుండు అడుగు మొత్తం కనపడుతుంటే ఎర్ర కండ మంచిదే.

నల్లది మాత్రం ఒక్కో చోట ఒక్కో అర్థం. రక్తప్రసరణ సరిగా లేని మడమ మీద గట్టిగా, పొడిగా, చుట్టూ వాపు లేకుండా ఉన్న నల్ల పక్కును సర్జన్లే కొన్నిసార్లు కదిలించకుండా వదిలేస్తారు. అదే నల్లరంగు అరికాల్లో వాపుతో, వాసనతో ఉంటే ఆరోజే తెరవాలి. రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెడితే నేను కూడా తేడా చెప్పలేను. చెయ్యి పెట్టి చూడాల్సిందే.

పీలేరు_పద్మ | ఉదయం 8:20

మా అవ్వ విషయం చెప్తాను. మడమ పుండు. మేం ఊరికి దూరం కాబట్టి ఒకాయనకు ఫోటో పంపి, ఫోన్లోనే మాట్లాడేవాళ్లం. ఫోటో చూసి ఎరుపు లేదు, ఇన్ఫెక్షన్ లేదన్నారు. మా అవ్వది బాగా నలుపు రంగు ఒళ్లు. ఆ చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనపడదు, ఊదాగానో ఇంకా నల్లగానో ఉంటుంది, ఫోన్ ఫోటోలో అదీ తెలియదు. చేత్తో తడిమితే గట్టిగా, వేడిగా ఉండేదట, తర్వాత తెలిసింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

అయినా మేం ఫోటోలు మానలేదు. ఇప్పుడు వెళ్తున్న సర్జన్ గారే వారానికొకటి తీసి తెమ్మంటారు. తేడా ఏంటంటే ఆయన పుండు చూశాక ఫోటో చూస్తారు, చూడకుండా కాదు.

రేణిగుంట_రవి | జూన్ 18, సాయంత్రం 6:50

నిన్న రాసే వీలు కాలేదు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నేనూ వచ్చేశాను.

సర్జన్ గారు ముందు ఫోటోలు అడగలేదు, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చేత్తో తడిమారు. సన్నటి నైలాన్ దారం లాంటిది అరికాల్లో అక్కడక్కడా గుచ్చి తెలుస్తోందా అని అడిగారు. నాయన కళ్లు మూసుకుని ఒక్కచోట కూడా సరిగ్గా చెప్పలేదు, అది చూసి అమ్మ ఏడ్చింది. చీలమండ దగ్గర, పాదం మీద నాడి కొట్టుకోవడం దొరికింది, రక్తం బాగానే వస్తోందన్నారు. అది ఒక్కటే మంచి మాట.

పక్కు అంచు ఎత్తగానే చెంచాడు చీము వచ్చింది. తర్వాత మొద్దు మొన ఉన్న సన్నటి లోహపు కడ్డీ మెల్లగా లోపలికి పెట్టారు. ఒకటిన్నర సెంటీమీటరు పోయి గట్టిగా దేనికో తగిలింది. ఎముకకు తగిలినట్టుంది అన్నారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను గానీ, ఎముక చెడటం మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో తెలియకపోవచ్చట. ఎమ్మారై రాశారు. ఈ మధ్యాహ్నం థియేటర్‌కు తీసుకెళ్లి తెరిచి శుభ్రం చేశారు, లోపలి ముక్క ల్యాబ్‌కు పంపారు.

ఇప్పుడు పుండు నాలుగు సెంటీమీటర్లు పొడవు, మూడు వెడల్పు. ఆరో ఫోటో తీశాను. గ్రూపులో పెడితే బావ 'ఆసుపత్రికి పోయాక ఇంకా ఎక్కువైందే' అన్నాడు.

లెన్సు_లోకేష్ | సాయంత్రం 7:25

మంచి ఫోటో తీస్తే డాక్టరుతో పని లేదని రాసింది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. స్కేలు పెట్టి, పగటి వెలుతురులో తీసినా ఐదోది చిన్నదిగానే వచ్చేది. ఇంకా నమ్మకంగా తప్పు చెప్పేవాణ్ణి. అక్కా, మరి ఫోటో దేనికి పనికొస్తుంది?

వార్డు_సిస్టరక్క | రాత్రి 9:30

ఇప్పుడు పనికొస్తుంది. ఇప్పుడు అడుగు తెరిచి ఉంది, దాచేది ఏమీ లేదు. ఇంటికి వచ్చాక వారానికి ఒక్కసారి, కట్టు మార్చేటప్పుడే, కడిగి తుడిచాక, మందు రాయకముందు తీయాలి. ఫోటో కోసమని కట్టు విప్పకూడదు. లోకేష్ చెప్పిన స్కేలు పెట్టాలి. అన్నిటికంటే పొడుగున్న చోట ఒక కొలత, దానికి అడ్డంగా ఇంకో కొలత, రెండూ గుణించాలి. నాలుగు మూళ్లు పన్నెండు. నాలుగు వారాలకు అది ఆరుకో, అంతకంటే తక్కువకో వస్తే దారిలో ఉన్నట్టు. సగం కూడా తగ్గకపోతే డాక్టర్లు మళ్లీ మొదటి నుంచి వెతుకుతారు: ఎముకలో ఏమైనా ఉందా, రక్తం తగ్గిందా, మనిషి దొంగతనంగా నడుస్తున్నాడా అని. మూడోదే ఎక్కువ.

లోతు ఫోటోలో రాదు. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ కొలిచి చెప్తే దాన్ని ఫోటో తేదీ పక్కనే పుస్తకంలో రాసుకో, ఆరోజు షుగర్ కూడా. వెడల్పు తగ్గి లోతు తగ్గకపోతే నోరు మళ్లీ మూసుకుంటోందని అర్థం. ఆ వారం ఫోటో ఎంత బాగున్నా తీసుకురావాలి.

పీలేరు_పద్మ | రాత్రి 9:50

వారానికొకటి చాలదేమో అక్కా. మా ఇంట్లో కట్టు రోజూ మారుస్తాం, రోజూ తీస్తాం. అవ్వకు ఒకసారి రెండు రోజుల్లోనే మారిపోయింది.

వార్డు_సిస్టరక్క | రాత్రి 10:10

రోజూ కట్టు మార్చేవాళ్లు రోజూ *చూడాలి*, అది నిజం. వాపు, వాసన, కాక. ఫోటోలు రోజూ పోల్చితే మాత్రం నిన్నటికీ ఈరోజుకీ తేడా వెలుతురుదే ఎక్కువ ఉంటుంది. అయినా తీసుకుంటే నష్టం లేదులే, మీ సర్జన్ గారు ఏమంటారో అడగండి.

చిత్తూరు_చలపతి | రాత్రి 10:40

రవి అన్నా, నాయనకు ఎట్లా ఉంది? ఎముక మాటేమైంది? యాంటీబయాటిక్ ఎన్ని రోజులన్నారు?

రేణిగుంట_రవి | రాత్రి 11:15

ఎముకలోకి పోయుంటే ఆరు వారాలు, లేకపోతే తక్కువ అన్నారు. ఎమ్మారై, ల్యాబ్ రిపోర్టు శుక్రవారం అంటున్నారు, అప్పటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. ఇందాక నేను టీ తాగడానికి కిందికి దిగిన పది నిమిషాల్లో నాయన ఒక్కరే లేచి బాత్రూంకు నడిచి వెళ్లొచ్చారు. నొప్పి లేదుగా అంటున్నారు. అక్కా, ఆ కాలు నేల మీద ఆనకుండా ఉండటానికి ఆసుపత్రిలో ఏమైనా ఇస్తారా, బయట కొనాలా?